నెల బిడ్డ తాగిన పాలు దూరంగా చిమ్ముతున్నాడా? డైపర్ కూడా చూడండి

[తెర మీద: బొమ్మ. బిడ్డ పొట్ట, అందులో కడుపు సంచి, దాని చివర పేగు.]

నమస్కారం. నేను పిల్లల సర్జన్‌ని, హైదరాబాద్‌లో పనిచేస్తాను. పసిబిడ్డలు పాలు కక్కడం మామూలే. తాగాక భుజాన వేసుకుంటే మూతి పక్క నుంచి కాసిని పాలు కారతాయి, బిడ్డ మాత్రం హాయిగా ఉంటాడు, బరువూ పెరుగుతాడు. దాని గురించి బెంగ పడక్కర్లేదు. ఈ వీడియో వేరే వాంతి గురించి.

ఇది పుట్టిన రోజు నుంచీ ఉండదు. రెండు మూడు వారాలు బాగా తాగిన బిడ్డ ఉన్నట్టుండి కక్కడం మొదలుపెడతాడు. మొదట రోజుకోసారి, తర్వాత ప్రతి ఫీడ్‌కీ. కారడం కాదు, పిచికారీ కొట్టినట్టు వస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ల చీర తడిసిపోతుంది. కక్కిన ఐదు నిమిషాలకే మళ్లీ పాలకోసం ఏడుస్తాడు. జ్వరం ఉండదు, విరేచనాలు ఉండవు.

ఒక కేసు చెబుతాను. ఇలాంటి చాలామంది పిల్లల్లో కనిపించేదాన్ని ఒక్కచోట పెట్టి చెబుతున్నాను. ఉప్పల్ వైపు ఇల్లు, తొలి చూలు మగబిడ్డ, 35 రోజులు. పుట్టినప్పుడు 3 కిలోలు. మూడు వారాలకు 3.3 కిలోలు అయ్యాడు. కక్కడం అప్పుడే మొదలైంది. "ఏం గాదు బిడ్డా, పాలు ఎక్కువైనయ్ అంతే" అంది అమ్మమ్మ. గ్రైప్ వాటర్ పట్టారు. దిష్టి తీశారు. తల్లిపాలు పడట్లేదేమోనని డబ్బా పాలకు మార్చారు, ఆ డబ్బా మార్చి ఇంకో డబ్బా తెచ్చారు. మెడికల్ షాపులో వాంతుల సిరప్ ఇచ్చారు. ఇందులో దిష్టి వల్ల నష్టం లేదు గానీ, మిగతావాటితో రెండు వారాలు గడిచిపోయాయి. మా దగ్గరికి వచ్చేసరికి బరువు 3.15 కిలోలు. ఆ వయసుకి అటూ ఇటూగా 3.6 ఉండాలి.

[తెర మీద: కడుపు చివరి కండరం లావెక్కి, మధ్య దారి మూసుకుపోవడం.]

లోపల జరిగేది ఇదీ. కడుపు నుంచి పేగులోకి పాలు దిగే చోట ఒక కండరం ఉంటుంది. ఆ చోటుని పైలోరస్ అంటారు. కొందరు పిల్లల్లో పుట్టాక కొన్ని వారాలకు ఆ కండరం లావెక్కి, దారిని నొక్కేస్తుంది. దీని పేరు పైలోరిక్ స్టెనోసిస్. మగపిల్లల్లో, అందులోనూ తొలి సంతానంలో ఎక్కువ. సాధారణంగా మూడో వారం నుంచి ఎనిమిదో వారం లోపు బయటపడుతుంది. ఎందుకు వస్తుందో కచ్చితంగా చెప్పలేం గానీ, పుట్టిన రెండు వారాల్లోపు ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడిన పిల్లల్లో ఎక్కువ. అలాంటివి వాడి ఉంటే డాక్టర్‌కి చెప్పండి.

అడ్డు పైత్యరసం కలిసే చోటుకి పైనే ఉంది. అందుకే వాంతిలో పాలో, విరిగిన పాలో కనిపిస్తాయి, ఆకుపచ్చ రాదు. ఆకుపచ్చగా కక్కితే అది వేరే జబ్బు. పేగు మెలిపడి ఉండవచ్చు. అక్కడ గంటలు కూడా విలువైనవే. ఆ క్షణమే బయలుదేరండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ జబ్బులో ప్రమాదం తెచ్చేది ఆ కండరం కాదు. బిడ్డ ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు. కక్కే ప్రతిసారీ పాలతోపాటు కడుపులోని ఆమ్లం కూడా పోతుంది, అందులోని క్లోరైడూ పోతుంది. ఒంట్లో నీరు తగ్గాక, ఉన్న నీటిని నిలుపుకోవడానికి కిడ్నీలు పొటాషియాన్ని వదిలేస్తాయి. రక్తం క్షారంగా మారుతుంది. ఈ బాబుకి క్లోరైడ్ 84 ఉంది, సుమారు 100 ఉండాలి. పొటాషియం 2.9. రక్తంలో క్షారం ఎంతుందో చెప్పే బైకార్బొనేట్ 36, మామూలుగా పాతిక లోపే ఉంటుంది.

[తెర మీద: తడి డైపర్, పొడి డైపర్ పక్కపక్కన.]

ఈ అంకెలు ఇంట్లో కనిపించవు. డైపర్ కనిపిస్తుంది. ఈ వయసు బిడ్డ 24 గంటల్లో ఆరేడు సార్లు బాగా తడుపుతాడు. నాలుగుకి తగ్గినా, ఆరు గంటలు పొడిగా ఉన్నా ఆగొద్దు. ఇప్పటి డైపర్లు తడిని పీల్చేసుకుంటాయి, తేడా తెలియదు. అనుమానం వస్తే ఆ పూటకి మెత్తటి గుడ్డ లంగోటి కట్టండి, వెంటనే తెలిసిపోతుంది. మాడు లోపలికి గుంటపడటం, నోరు ఎండటం కూడా చూడండి. కన్నీళ్లు రావట్లేదని లెక్కపెట్టకండి, ఈ వయసులో చాలామందికి మామూలుగానే రావు. ఇక, పాలకోసం గోలపెట్టే బిడ్డ అడగడం మానేసి మగతగా పడుకుంటే "నిమ్మళంగా నిద్రపోతుండు" అనుకోవద్దు. అది ప్రమాద స్థితి. 108కి ఫోన్ చేయండి.

నీళ్లు పోతున్నాయి కదా అని మంచినీళ్లో, గ్లూకోజ్ నీళ్లో పట్టొద్దు. ఉప్పు ఇంకా పలచబడి మూర్ఛలు రావచ్చు. ఓఆర్ఎస్ పట్టినా అది దిగే దారే లేదు, కక్కేస్తాడు.

ఎక్కడికి వెళ్లాలి? పసిపిల్లలకు స్కానింగ్ చేయగలిగి, పిల్లల సర్జన్, పిల్లలకు మత్తు ఇచ్చే డాక్టర్ ఉన్న ఆసుపత్రికి, అదే రోజు. ప్రభుత్వ ఆసుపత్రి అంటే రెడ్ హిల్స్‌లో నిలోఫర్ ఉంది. పుట్టినప్పటి బరువున్న కార్డు, డిశ్చార్జ్ కాగితాలు తీసుకెళ్లండి. వాంతి ఫోన్‌లో తీసి ఉంటే చూపించండి, అది మాకు చాలా పనికొస్తుంది.

[తెర మీద: స్కానింగ్ చిత్రం.]

ఆ బాబుకి పాలు పట్టిస్తూ పక్క నుంచి లైటు వేసి చూస్తే, పొట్టమీద ఎడమ పక్కటెముకల కింద నుంచి కుడివైపుకి ఒక అల మెల్లగా కదిలింది. దారి మూసుకుపోయిందని తెలియక కడుపు తోస్తూనే ఉంది. కుడిపక్క రేగిపండంత గట్టి గడ్డ చేతికి తగిలింది. ఇది అందరిలోనూ తగలదు, అందుకే స్కానింగ్. కండరం మందం 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానమే, ఇతనికి 4.8 ఉంది.

"సార్, మరి ఇవాళే ఆపరేషన్ చేసేయండి" అంది వాళ్లమ్మ. చేయలేదు. బైకార్బొనేట్ ఎక్కువగా ఉండగా మత్తు ఇస్తే, తర్వాత బిడ్డ ఊపిరి తీయడం మధ్యలో ఆపేయవచ్చు. ముందు నోటి పాలు ఆపి, సెలైన్ కిలోకి 20 మిల్లీలీటర్ల లెక్కన, అంటే 63 మిల్లీలీటర్లు ఇచ్చాం. తర్వాత గ్లూకోజ్ కలిపిన సెలైన్ నడిచింది. మూత్రం రావడం మొదలయ్యాకే అందులో పొటాషియం కలిపాం. ముందే కలిపితే గుండెకి ముప్పు. రెండో రోజు సాయంత్రానికి క్లోరైడ్ 102, బైకార్బొనేట్ 26. ఇంట్లోవాళ్లకి ఈ ఆగడమే ఎక్కువ కష్టం. వార్డు బయట "ఏం చేస్తున్నరు వీళ్లు" అనే మాట మాకు వినిపిస్తూనే ఉంటుంది. చేస్తున్నది అదే, రక్తాన్ని సరిచేయడం.

ఆపరేషన్ చిన్నదే. లావెక్కిన కండరాన్ని పొడవునా చీల్చి విడదీస్తాం, లోపలి పొరను తాకం. 1912లో జర్మన్ సర్జన్ రామ్‌స్టెట్ రాసిన పద్ధతే ఇప్పటికీ చేస్తున్నాం. ఇప్పుడు చాలాచోట్ల లాపరోస్కోపీతో చేస్తారు. బిడ్డకి నోటి పాలు ఆపిన రోజుల్లో తల్లి పాలు పిండి దాస్తూ ఉండాలి, లేకపోతే పాలు తగ్గిపోతాయి.

ఆపరేషన్ అయిన కొద్ది గంటలకే పాలు మళ్లీ మొదలుపెడతారు. వాపు వల్ల ఒకటి రెండు రోజులు కాస్త కక్కడం ఉంటుంది, దానికి కంగారు వద్దు. అంతకు మించి కక్కుతూనే ఉన్నా, పొట్ట ఉబ్బినా, జ్వరం వచ్చినా, కుట్టు దగ్గర ఎర్రబడినా వెంటనే చూపించండి. డిశ్చార్జ్ అయ్యాక వారానికోసారి ఒకే తూకం మీద బరువు చూసి కార్డులో రాయించండి.