షాపు చూసి వెళ్ళాక జీఎస్టీ అప్లికేషన్ రిజెక్ట్ అయ్యిందా? జవాబు ఎలా ఇవ్వాలి, మళ్ళీ ఎలా వేయాలి

అందరికీ నమస్కారం అండి. మొన్న గుంటూరు వైపు ఒక చిన్న ఊరి నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఎలక్ట్రికల్ సామాన్ల షాపు పెట్టాడు, జీఎస్టీకి అప్లై చేశాడు, ఆఫీసు వాళ్ళు షాపు చూడటానికి వచ్చి వెళ్ళారు, తర్వాత రిజెక్ట్ అయ్యింది. "అన్నా, కాగితాలన్నీ పెట్టాను, ఎందుకు కొట్టేశారో అర్థం కావట్లేదు" అన్నాడు. అతని ఫైల్ మొత్తం తెప్పించుకుని చూస్తే కాగితాలకీ, అక్కడికి వెళ్ళినవాళ్ళకి కళ్ళకి కనపడినదానికీ పొంతన లేదు, అసలు సమస్య అదే. అతని కేసునే ఈ రోజు మొదటి నుంచి చివరిదాకా చూద్దాం, మీది కూడా దాదాపు ఇలాగే ఉండొచ్చు.

ముందు ఒక్క విషయం. ఆధార్ ఓటీపీ కొట్టేశాం కదా, ఇంక ఎవరూ రారు అనుకుంటారు చాలామంది. అలా కాదు. ఆధార్ ఆథెంటికేషన్ అయినా సరే, పోర్టల్ రిస్క్ ఉందని గుర్తుపెడితే షాపు చూసి తీరతారు. అప్పుడు 7 పనిదినాల్లో వచ్చే రిజిస్ట్రేషన్ కాస్తా 30 రోజులకి వెళ్తుంది. ఇంకో ముఖ్యమైన మార్పు, 2023 ఆగస్టు నుంచి రూల్ 25 మారింది, తనిఖీ సమయంలో మీరు అక్కడ ఉండాలన్న షరతు తీసేశారు. అంటే ముందుగా ఫోన్ చేసి చెప్పి వస్తారని నమ్మకం పెట్టుకోవద్దు. వచ్చినవాళ్ళు ఫోటోలు తీసి, రిపోర్టు రాసి, REG-30 అనే ఫారంలో పోర్టల్‌లో ఎక్కిస్తారు. మీ అప్లికేషన్ భవిష్యత్తు చాలావరకు ఆ ఫోటోల్లోనే ఉంటుంది.

ఇప్పుడు మన కుర్రాడి సంగతికి వద్దాం. 3వ తేదీన అప్లై చేశాడు. 14వ తేదీ మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చారు. ఆ రోజు అతను సరుకు కోసం విజయవాడ వెళ్ళాడు, షట్టర్ దించేసి ఉంది. బోర్డు ఇంకా పెట్టలేదు, ఫ్లెక్సీ ప్రింటింగ్‌లో ఉంది. పక్కన మందుల షాపులో అడిగితే అక్కడ కూర్చున్నాయన "ఇక్కడ ఇంకా షాపేమీ తెరవలేదండీ" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకి తెలిసింది చెప్పాడు. పైగా ఆ బిల్డింగ్‌కి మూడు షట్టర్లు, మూడింటికీ ఒకటే డోర్ నంబర్. అప్లికేషన్‌లో ఇతను ఆ నంబరు మాత్రమే రాశాడు, ఏ షట్టరో రాయలేదు. ఇక రిపోర్టులో ఏం రాస్తారో మీరే చెప్పండి.

20వ తేదీన REG-03, అంటే వివరణ అడిగే నోటీసు వచ్చింది. పోర్టల్‌లో స్టేటస్ చూసే దారి చెప్తాను, లాగిన్ అవసరం లేదు. Services, తర్వాత Registration, తర్వాత Track Application Status. అక్కడ అప్లై చేశాక మీకు వచ్చిన ఏఆర్ఎన్ నంబర్ కొడితే Site Verification Assigned అనో, Site Verification Completed అనో, Pending for Clarification అనో కనిపిస్తుంది. ఈ చివరిది కనిపించిందంటే నోటీసు వచ్చిందని అర్థం. ఆ రోజు నుంచి మీకు 7 పనిదినాలు టైముంటుంది. మెయిల్ స్పామ్‌లో పడి, మెసేజ్ ఎవరి ఫోన్‌కో వెళ్ళి, గడువు దాటిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. అందుకే అప్లై చేశాక రెండు మూడు రోజులకోసారి స్టేటస్ చూస్తూ ఉండండి.

అతని నోటీసులో మూడు పాయింట్లున్నాయి. ఒకటి, తనిఖీ రోజు షాపు మూసి ఉంది, వ్యాపారం కనపడలేదు. రెండు, ఇచ్చిన అడ్రసులో షాపు ఏదో గుర్తించలేకపోయాం. మూడు, కరెంటు బిల్లులో పేరు, అద్దె అగ్రిమెంట్‌లో ఓనరు పేరు వేరు వేరుగా ఉన్నాయి. దీనికి మనవాడు మర్నాడే జవాబు పెట్టాడు, "షాపు ఇప్పుడు తెరిచే ఉంది, దయచేసి మళ్ళీ తనిఖీ చేయండి" అని ఒక్క లైను. పాత కాగితాలే మళ్ళీ అప్‌లోడ్ చేశాడు. 29వ తేదీన REG-05, అంటే రిజెక్షన్ ఆర్డర్ వచ్చింది.

ఇది చూసినప్పుడు నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే చేతిలో ఇంకా ఆరు పనిదినాలుండగా తొందరపడి జవాబు ఇచ్చేశాడు. REG-03 వచ్చినప్పుడు మీరు చేయాల్సింది నోటీసుని కాగితం మీద రాసుకుని, ప్రతి పాయింటుకీ ఒక జవాబు, ఆ జవాబుకి ఒక ఆధారం పెట్టడం. షాపు మూసి ఉందన్నారు, సరే, ఆ రోజు మీరు సరుకు కోసం వెళ్ళినట్టు ఆ తేదీతో ఉన్న బిల్లు పెట్టండి. ఇప్పుడు బోర్డు పెట్టి, షట్టర్ తీసి, లోపల ర్యాకుల్లో సరుకు కనపడేలా ఫోటోలు తీయండి. బయట నుంచి తీసే ఫోటోలో బోర్డు, డోర్ నంబరు, పక్క షాపు బోర్డు మూడూ పడాలి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి, ఫోటో మీద తేదీ, జీపీఎస్ పడేలా తీస్తే ఇంకా మంచిది. వాళ్ళు తీసేవీ అలాంటి ఫోటోలే.

జవాబు ఎక్కడ ఇవ్వాలి? అప్లికేషన్ మొదలుపెట్టినప్పుడు వచ్చిన తాత్కాలిక నంబరు టీఆర్ఎన్‌తో లాగిన్ అయ్యాక Services, Registration, అక్కడ Application for Filing Clarifications. నోటీసు రిఫరెన్స్ నంబరు గానీ ఏఆర్ఎన్ గానీ కొడితే మీ నోటీసు వస్తుంది. అక్కడ అప్లికేషన్‌లో మార్పు చేస్తారా అని Yes, No అడుగుతుంది. ఇక్కడే చాలామంది No కొట్టి వెళ్ళిపోతారు. అడ్రసు సరిగ్గా లేదని నోటీసులో ఉన్నప్పుడు Yes కొట్టి, అప్లికేషన్‌లోనే అడ్రసు సరిచేయాలి. ఉత్తరంలో ఒక అడ్రసు, ఫారంలో పాత అడ్రసు ఉంటే వాళ్ళకి మళ్ళీ అదే సందేహం. మీ జవాబు వెళ్ళాక ఆఫీసర్ 7 పనిదినాల్లో నిర్ణయం తీసుకోవాలి.

సరే, మనవాడికి ఆ అవకాశం అయిపోయింది. REG-05 వచ్చాక అదే అప్లికేషన్ మీద మళ్ళీ జవాబు ఇచ్చే దారి లేదు. రివోకేషన్ వేయమని ఎవరో చెప్పారట అతనికి. అది వచ్చిన రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ అయినవాళ్ళకి, అసలు రానివాళ్ళకి కాదు. మనకి ఉన్నవి రెండే దారులు, ఒకటి అప్పీల్, రెండోది కొత్త అప్లికేషన్. అప్పీల్ సెక్షన్ 107 కింద, ఆర్డర్ అందిన 3 నెలల్లో APL-01 ఫారంలో వేయాలి. పన్ను మొత్తం మీద గొడవ కాదు కాబట్టి ముందుగా డబ్బు కట్టే పని ఉండదు. ఆధారాలన్నీ పెట్టి జవాబిచ్చినా, కారణం రాయకుండా కొట్టేస్తే అప్పీల్‌కి బలముంటుంది. కానీ మనవాడి కేసులో ఆఫీసర్ రాసిన కారణాలు మూడూ నిజమే. అలాంటప్పుడు అప్పీల్‌లో నెలలు పోగొట్టుకోవడం కంటే తప్పులు సరిచేసి కొత్తగా వేయడమే నయం అని నా అభిప్రాయం. కొత్తగా వేయడానికి ఇన్ని రోజులు ఆగాలనే నిబంధన లేదు. అయినా సరిచేయకుండా వెంటనే వేయకండి, అదే కథ మళ్ళీ జరుగుతుంది.

మేమేం చేశామంటే, ముందు REG-05 డౌన్‌లోడ్ చేసి కారణాలు పక్కన పెట్టుకున్నాం. కరెంటు సర్వీసు ఓనరు గారి నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన పోయి చాలా ఏళ్ళయింది, పేరు మార్చుకోలేదు. దాన్ని మార్పించాలంటే ఎప్పటికవుతుందో, అందుకని కరెంటు బిల్లే వదిలేశాం. ఓనరు పేరుతో ఉన్న ఇంటి పన్ను రసీదు తీసుకున్నాం. ఓనర్‌షిప్‌కి ఏదో ఒక కాగితం చాలు, పన్ను రసీదు గానీ కరెంటు బిల్లు గానీ. ఇది 2025 ఏప్రిల్ 17న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సీబీఐసీ ఇచ్చిన ఇన్‌స్ట్రక్షన్ 03/2025లో స్పష్టంగా ఉంది. అది కేంద్ర అధికారుల కోసం ఇచ్చింది, మీ ఫైల్ రాష్ట్ర అధికారి దగ్గరికి వెళ్ళినా ఆ లిస్టు చూసి కాగితాలు సర్దుకోవడం మంచిదే. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించనిది అయితే ఓనరు గుర్తింపు కార్డు కూడా జత చేయాలి, మాది అలాంటిదే కాబట్టి చేశాం.

తర్వాత అగ్రిమెంట్ కొత్తగా రాయించాం, డోర్ నంబరు పక్కన "షాపు నంబర్ 2, గ్రౌండ్ ఫ్లోర్" అని. ఓనరు గారు మూడు షట్టర్ల మీదా 1, 2, 3 అని పెయింట్‌తో రాయించారు. చిన్న పనే, కానీ వచ్చినవాళ్ళు వెతుక్కోకుండా నేరుగా మన షట్టర్ దగ్గరికి వస్తారు. బోర్డు కట్టాం, దాని మీద ఫోన్ నంబరు వేయించాం. కొత్త టీఆర్ఎన్ తీసి, అప్లికేషన్ నింపేటప్పుడు ఆ షాపు నంబరుతో సహా అడ్రసు అక్షరం తేడా లేకుండా అగ్రిమెంట్‌లో ఉన్నట్టే కొట్టాం. మ్యాప్‌లో పిన్ కూడా చూసుకోండి. మొదటిసారి అతని పిన్ రోడ్డుకి అవతల ఉన్న కల్యాణ మండపం మీద పడింది, ఎవరూ గమనించలేదు.

అప్లై చేసిన రోజే మందుల షాపాయన దగ్గరికి వెళ్ళి, "బాబాయ్, ఎవరైనా అడిగితే షాపు మాదేనని చెప్పి, ఈ నంబరుకి ఒక ఫోన్ కొట్టు" అని నంబరిచ్చి వచ్చాడు. షాపులో వాళ్ళమ్మగారిని కూర్చోబెట్టి, అగ్రిమెంట్, పన్ను రసీదు, ఆధార్, పాన్ జిరాక్సులు ఒక ఫైల్‌లో పెట్టి కౌంటర్ కింద ఉంచాడు. 30 రోజులూ షట్టర్ దించొద్దని గట్టిగా చెప్పాను. 11వ రోజున వచ్చారు, అమ్మగారు ఫైల్ చూపించారు, ఫోటోలు తీసుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోయారు. ఈసారి నోటీసే రాలేదు, నేరుగా REG-06, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది.

మధ్యలో ఒక జాగ్రత్త, రిజెక్ట్ అయిన రోజు నుంచి కొత్తది వచ్చేదాకా బిల్లు మీద జీఎస్టీ వేసి వసూలు చేయకూడదు, నంబరు లేకుండా పన్ను తీసుకోవడం తప్పు. ఇక నంబరు వచ్చాక బ్యాంకు అకౌంట్ వివరాలు 30 రోజుల్లోపు గానీ, మొదటి GSTR-1, అంటే అమ్మకాల రిటర్న్ వేసేలోపు గానీ, ఏది ముందైతే ఆ లోపు ఎక్కించాలి. మనవాడు ఆ రోజు సాయంత్రమే ఎక్కించేశాడు. మీ REG-05లో రాసిన కారణం కింద కామెంట్‌లో టైప్ చేయండి, అప్లికేషన్ నంబరూ పాన్ నంబరూ మాత్రం పెట్టకండి.