‘అలాంగ్ విత్’ వస్తే క్రియ ఎవరి మాట వినాలి?

నమస్కారం. మలక్‌పేటలో మా పిన్ని వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం కార్డు ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఇంగ్లీషులో వేయించాలనుకున్నారు. ముగ్గురు కొడుకుల ఆఫీసుల్లోనూ తెలుగు చదవలేనివాళ్ళు చాలామంది ఉన్నారు మరి. ఛత్తా బజార్‌లో ఒక ప్రెస్‌కి ఇచ్చారు. ప్రూఫ్ వచ్చిన రోజు రాత్రి పెద్ద తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. “అక్కా, ఇంగ్లీషు వైపు ఒక మాట దగ్గర ప్రెస్ అతను ఆగిపోయాడు, నువ్వే చెప్పాలి” అన్నాడు.

వాడు రాసిన వాక్యం ఇది: “అవర్ మదర్, అలాంగ్ విత్ ద త్రీ ఆఫ్ అస్, ఇన్వైట్ యు టు అవర్ హౌస్‌వార్మింగ్.” ప్రెస్ అతను ఇక్కడ ‘ఇన్వైట్స్’ అని ఎస్ రావాలేమో అన్నాడట. మావాడికి అది నచ్చలేదు. “అమ్మ ఒకరు, మేం ముగ్గురం, మొత్తం నలుగురం పిలుస్తున్నాం కదక్కా, నలుగురికి ఏకవచనం ఎలా పెడతాం?” అన్నాడు.

నేను అశోక్‌నగర్‌లో గవర్నమెంటు పరీక్షలు రాసే పిల్లలకు ఇంగ్లీషు గ్రామర్ చెబుతాను. వాక్యంలో తప్పు ఎక్కడుందో పట్టుకోమనే ప్రశ్నల్లో ఇది తిరిగి తిరిగి వస్తుంది, పిల్లలు కూడా సరిగ్గా మా తమ్ముడు అడిగినట్టే తలలు లెక్కపెట్టి అడుగుతారు. ప్రెస్ అతను చెప్పిందే రైటు. అక్కడ ‘ఇన్వైట్స్’ రావాలి. అది రూలు అని వదిలేస్తే మర్చిపోతారు కాబట్టి ఎందుకో కూడా చెబుతాను.

ఆ వాక్యంలో ‘ద త్రీ ఆఫ్’ తీసేసి చూడండి, ఎందుకంటే అది ఉంటే ‘అస్’ వచ్చింది ‘ఆఫ్’ వల్ల. తీసేశాక కూడా ‘అలాంగ్ విత్ అస్’ అనే అంటాం గానీ ‘అలాంగ్ విత్ వియ్’ అనం. ఎవరూ రాయరు. ఇంగ్లీషులో పని చేసేవాళ్ళం మనమైతే ‘వియ్’ అంటాం, ‘అస్ ఇన్వైట్’ అని చిన్నపిల్లలు కూడా అనరు. అంటే ‘విత్’ పక్కన చేరగానే ఆ ముగ్గురూ కర్త స్థానం నుంచి పక్కకు జరిగిపోయారన్నమాట. ‘విత్’ అనేది ప్రిపొజిషన్, దాని వెనక వచ్చిన మాట దానికి కట్టుబడి ఉంటుంది, క్రియతో నేరుగా సంబంధం పెట్టుకోదు. ‘అండ్’ పని వేరు, అది రెండు మాటల్ని ఒకే వరసలో నిలబెట్టి ఇద్దర్నీ కర్తల్ని చేస్తుంది, అందుకే ‘అండ్’ వస్తే బహువచనం వస్తుంది.

ఇది మనకు కొత్త సంగతి కాదు. తెలుగులో ఇదే పని రోజూ చేస్తున్నాం. “నేనూ మా చెల్లీ వచ్చాం” అంటాం. “నాతో పాటు మా చెల్లి వచ్చింది” అంటాం. వచ్చింది ఇద్దరమే, రెండు వాక్యాల్లోనూ ఇద్దరమే, కానీ రెండో వాక్యంలో ‘వచ్చాం’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘నేను’ అనే మాట ‘నాతో’ అయిపోయింది, దానితోనే క్రియ మీద పెత్తనం పోయింది. ‘వియ్’ కాస్తా ‘విత్ అస్’ అవ్వడం, ‘మేము’ కాస్తా ‘మాతో’ అవ్వడం, రెండూ ఒకే పని. పైగా మన క్రియ ఇంగ్లీషు క్రియ కన్నా ఎక్కువ చెబుతుంది. “రవితో పాటు సీత వచ్చింది”, “సీతతో పాటు రవి వచ్చాడు”: ఎవరు అసలు కర్తో క్రియ చివర చూస్తేనే తెలిసిపోతుంది.

మరి తెలుగులో ఇంత బాగా వచ్చిన మనకు ఇంగ్లీషులో తప్పెందుకు పోతోంది? చాలా ఏళ్ళుగా పిల్లల రాతలు దిద్దుతుంటే నాకు రెండు కారణాలు కనబడ్డాయి, రెండూ మన భాష వైపు నుంచి వచ్చేవే.

మొదటిది మాటల వరస. మనం “టీచర్లతో పాటు ప్రిన్సిపల్ వచ్చాడు” అన్నప్పుడు పాటు వచ్చినవాళ్ళు ముందుంటారు, అసలు కర్త వెనక క్రియ పక్కనే ఉంటాడు, కాబట్టి తప్పు పోయే అవకాశం తక్కువ. ఇంగ్లీషులో “ద ప్రిన్సిపల్, అలాంగ్ విత్ ద టీచర్స్, హ్యాజ్ కమ్” అంటే అసలు కర్త ఎక్కడో మొదట్లో ఉండిపోతాడు, క్రియ దగ్గరికి వచ్చేసరికి పక్కన ‘టీచర్స్’ అని బహువచనం కనబడుతుంది, చెయ్యి తనంతట తానే ‘హ్యావ్’ అని రాసేస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. తెలుగు వాక్యాన్ని ఉన్న వరసలోనే ఇంగ్లీషులోకి మార్చి ‘టీచర్స్ అలాంగ్ విత్ ద ప్రిన్సిపల్’ అని రాస్తే, ఇప్పుడు టీచర్లే కర్తలైపోయారు, అక్కడ ‘హ్యావ్’ అన్నదే కరెక్టు. వ్యాకరణం తప్పలేదు గానీ చెప్పాలనుకున్న మాట తిరగబడింది. అందుకే నేను క్లాసులో ‘తో పాటు’ బదులు ‘తో కలిసి’ అని మనసులో అనుకోమంటాను. “ప్రిన్సిపల్ టీచర్లతో కలిసి వచ్చాడు”: ఇందులో వరస ఇంగ్లీషు వరసలాగే ఉంటుంది, కర్త ముందు, తోడు తర్వాత, క్రియ చివర. అయినా ‘వచ్చాడు’ అనే అంటాం.

రెండో కారణం ఎక్కువమంది గమనించరు. అది మన మర్యాద. మా తమ్ముడి కార్డు తెలుగు వైపు చూశాక నాకు వాడి తప్పు ఎక్కడ పుట్టిందో అర్థమైంది. అక్కడ ఇలా ఉంది: “మా అమ్మ మా ముగ్గురితో కలిసి మిమ్మల్ని ఆహ్వానిస్తున్నారు.” వాక్యం బాగుంది. ఆ ‘ఆహ్వానిస్తున్నారు’ నలుగురు ఉన్నారని వచ్చింది కాదు, అమ్మ మీద గౌరవంతో వచ్చింది. పిన్ని ఒక్కరే పిలిచినా “మా అమ్మ ఆహ్వానిస్తున్నారు” అనే రాస్తాం. మనకు గౌరవానికీ బహువచనానికీ క్రియ రూపం ఒక్కటే. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు మావాడు గౌరవాన్ని బహువచనం అనుకుని ‘ఇన్వైట్’ అని పెట్టాడు. మంత్రిగారు, కలెక్టరుగారు, ప్రిన్సిపల్‌గారు అని మొదలయ్యే నోటీసుల్లో ఈ తప్పు ఎక్కువగా కనబడేది ఇందుకే. మీరు అనువాదం చేసేటప్పుడు ఆ ‘రు’ గౌరవం కోసం వచ్చిందా, లెక్క కోసం వచ్చిందా అని ఒక్క క్షణం ఆగి చూసుకోండి.

ఎలా సరిచూసుకోవాలంటే, ‘అలాంగ్ విత్’ దగ్గర నుంచి క్రియ ముందు దాకా ఉన్న ముక్కను వేలితో మూసేసి మిగిలింది చదవండి. “అవర్ మదర్ ఇన్వైట్ యు” అని మావాడు ఫోన్లో చదివి వెంటనే “అవునక్కా, తేడాగా ఉంది” అన్నాడు. కామాలు ఉన్నాయా లేవా అన్నదానితో పనిలేదు, కామా పెట్టకపోయినా కర్త మారదు. ఎప్పుడూ ఏకవచనమే వస్తుందని మాత్రం అనుకోకండి, మొదటి మాట బహువచనమైతే క్రియా బహువచనమే. ‘ఐ’ అని మొదలైతే “ఐ, టుగెదర్ విత్ మై సిస్టర్స్, యామ్ గోయింగ్” అనాలి, వినడానికి కొంచెం వింతగా ఉన్నా అదే సరి. ఇక ‘ఐదర్, ఆర్’ వాక్యాలకు ఈ మూసే పద్ధతి పెట్టకండి. అక్కడ క్రియ తనకు దగ్గరున్న మాటను బట్టి మారుతుంది, ఈ రెండు రూల్సూ కలిపేసుకుని పరీక్షల్లో మార్కులు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

‘యాజ్ వెల్ యాజ్’ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందులో ‘విత్’ లేదు. నేను ఇందాక చెప్పిన ‘అస్’ రుజువు దానికి పనికిరాదు. అది ‘అండ్’కి దగ్గరగా ఉండే మాట, 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అనే నలుగురు వ్యాకరణవేత్తలు ఇలాంటివాటిని క్వాసీ కోఆర్డినేటర్లు అన్నారు, అంటే జోడించే మాటలాగా ఉంటుంది గానీ పూర్తిగా కాదు అని. దాని అర్థం చూస్తే ఏకవచనం ఎందుకో తెలుస్తుంది. “సీత, యాజ్ వెల్ యాజ్ హర్ బ్రదర్స్, నోస్ ఉర్దూ” అంటే, అన్నదమ్ములకే కాదు, సీతకు కూడా ఉర్దూ వచ్చు అని. అన్నదమ్ముల సంగతి తెలిసిందే అన్నట్టు పక్కన పెట్టి సీత గురించి కొత్తగా చెబుతున్నాం, కాబట్టి క్రియ సీతదే. అయితే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా మాటల్లో ఇలాంటి చోట్ల, ముఖ్యంగా మధ్యలో ముక్క పొడుగ్గా ఉంటే, బహువచనం వాడేస్తుంటారు, మనసులో ఇద్దరు ముగ్గురు కనబడుతుంటారు కాబట్టి. మాటల్లో దాన్ని పట్టుకుని ఎవర్నీ దిద్దక్కర్లేదు. పరీక్షలో, ఉత్తరంలో, అచ్చులో మాత్రం ఏకవచనమే రాయండి.

కొన్ని వాక్యాలు ఎలా దిద్దినా కుదరవు. “రవి, అలాంగ్ విత్ సురేష్, ఈజ్ ఫ్రెండ్స్” అనలేం, ‘ఆర్ ఫ్రెండ్స్’ అన్నా రూలు ఒప్పుకోదు. స్నేహితులు కావాలంటే ఇద్దరు కర్తలు ఉండి తీరాలి. ఒకరితో ఒకరు, ఇద్దరూ, చెరిసగం లాంటి అర్థం వాక్యంలో ఉంటే అక్కడ కావలసింది ‘అండ్’ అని గుర్తుపట్టండి, క్రియతో కుస్తీ పట్టకండి.

కార్డు సంగతికి వస్తే, ‘ఇన్వైట్స్’ అని దిద్ది పంపబోతుంటే పిన్ని ఫోన్ తీసుకుంది. విషయమేమిటో అడిగింది, నేను చెప్పాను. ఎస్ పెడితే పిలుస్తున్నది నువ్వు, వీళ్ళు నీ వెంట ఉన్నట్టు, ‘అండ్’ పెడితే నలుగురూ సమానంగా పిలుస్తున్నట్టు అన్నాను. ఆవిడ ఆలోచించనైనా లేదు. “ఇల్లు కట్టింది వాళ్ళు, అప్పు కడుతున్నది వాళ్ళు. నేను పిలుస్తుంటే వాళ్ళు వెనక నిలబడడమేంటమ్మా, కలిపే రాయి” అంది. దాంతో “అవర్ మదర్ అండ్ ద త్రీ ఆఫ్ అస్ ఇన్వైట్ యు” అయింది, మా తమ్ముడు మొదట రాసిన ‘ఇన్వైట్’ మళ్ళీ వచ్చి కూర్చుంది, ఈసారి సరైన కారణంతో. తెలుగు వైపు కూడా మార్చాల్సి వచ్చింది. ‘మా ముగ్గురితో కలిసి’ తీసేసి, “మా అమ్మా, మేం ముగ్గురం మిమ్మల్ని ఆహ్వానిస్తున్నాం” అని పెట్టించాం.