WALTAIR అని క్యాపిటల్స్‌లో కొడితే మధ్యలో విరిగినట్టు ఎందుకుంటుంది? ఇల్లస్ట్రేటర్‌లో కెర్నింగ్

అందరికీ నమస్కారమండి. వైజాగ్ నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు ఒక్కటే మాట, ఏడు అక్షరాలు. ఇదిగో, స్క్రీన్ మీద WALTAIR. మన వాల్తేరే. అన్నీ క్యాపిటల్స్‌లో కొట్టాను. ఫాంట్ బోల్డ్, సైజు 100 పాయింట్లు, ఇంకేమీ ముట్టుకోలేదు. ఒక్కసారి చూడండి. ఎక్కడ ఆగింది మీ కన్ను?

L దగ్గర ఆగి, T దగ్గర మళ్ళీ మొదలైంది కదా. నా మొదటి పెద్ద బోర్డు కూడా ఇదే మాటతో చేశాను. బోర్డులకి వాడే ఏసీపీ షీట్ మీద అక్షరాలు కోసి అంటించాక, కింద నిలబడిన ఆటో ఆయన దాన్ని చదివారు: "వాల్... టైర్". రెండు మాటలుగా చదివారు. ఆ గ్యాప్ నాకు ల్యాప్‌టాప్‌లో కనిపించనే లేదు. ఎనిమిది అడుగుల బోర్డు మీద, రోడ్డు అవతల నుంచి కనిపించింది. అందుకే ఈ వీడియో.

సరే, ముందు సెట్టింగులు గబగబా చేసేద్దాం. Ctrl + T, క్యారెక్టర్ ప్యానెల్ వచ్చింది. కెర్నింగ్ అంటే ఒక్కో జంట అక్షరాల మధ్య ఖాళీని సర్దడం. దాన్ని Auto లోనే ఉంచండి, అంటే ఫాంట్ చేసినవాళ్ళు ఏ జంటకి ఎంత దగ్గర జరపాలో ముందే రాసిపెట్టిన లెక్క. మొత్తం సెలెక్ట్ చేసి, ట్రాకింగ్ 60, అంటే అన్ని అక్షరాల మధ్యా ఒకేలా ఖాళీ పెరుగుతుంది. అయిపోయింది. క్యాపిటల్స్‌కి ఇది కావాలి. ఎందుకంటే చాలా ఫాంట్లలో క్యాపిటల్ పక్కన చిన్నక్షరం వస్తుందన్న లెక్కతోనే ఖాళీ ఇస్తారు. క్యాపిటల్ పక్కన క్యాపిటల్ పెడితే ఇరుకుగా కనిపిస్తుంది.

ఇంకోటి, ఇది నాకు ఇష్టమైన మార్పు. Edit లోకి వెళ్ళి Preferences, Type. ఇక్కడ Tracking అని ఉంది చూశారా, బాణం ఒక్కసారి నొక్కితే ఎంత జరగాలో చెప్పేది ఇదే, 20 ఉంటుంది. దాన్ని 5 చేయండి. ఇవి ఫాంట్ సైజులో వెయ్యో వంతులు. అంటే 100 పాయింట్ల అక్షరానికి 20 అంటే ఒక్క నొక్కుకి రెండు పాయింట్లు గెంతుతుంది. మనకి అంత అక్కర్లేదు. 5 అయితే అర పాయింటు. ఇక కర్సర్ రెండక్షరాల మధ్య పెట్టి Alt పట్టుకుని ఎడమ బాణం కొడితే దగ్గరవుతాయి, కుడి బాణం కొడితే దూరమవుతాయి. మ్యాక్ అయితే Option. ఇంక్‌స్కేప్ వాడేవాళ్ళకి కూడా Alt, బాణాలే. కాకపోతే అక్కడ మీ జూమ్‌ని బట్టి ఎంత జరుగుతుందో మారుతుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం.

నేను మొదట్లో ఏం చేసేవాడినంటే, ఎడమ నుంచి మొదలుపెట్టేవాడిని. W, A చూడండి, రెండూ ఏటవాలు, ఒకదాని ఒళ్ళో ఒకటి ఒదిగిపోతాయి. దగ్గరకి తోస్తే భలే కుదురుతుంది. బాగుంది కదా అని మైనస్ 90 దాకా తోసేసేవాడిని. తర్వాత A, L. తర్వాత L, T. ఇక్కడికి వచ్చేసరికి ఎంత తోసినా గ్యాప్ తగ్గేది కాదు. ఎందుకు తగ్గుతుంది? L కి పైన అంతా ఖాళీ, T కి కింద అంతా ఖాళీ. రెండు ఖాళీలూ కలిసి ఒక పెద్ద గది అయిపోయాయి. నేనేమో W, A ని అప్పటికే బిగించేశాను. దానితో సమానం చేయాలంటే L, T ఒకదాని మీద ఒకటి ఎక్కాల్సిందే.

కాబట్టి ఎడమ నుంచి కాదండి. అన్నింటికంటే మొండి జంట నుంచి మొదలుపెట్టాలి. ఈ మాటలో మొండిది L, T. దాన్ని ఎంతవరకు దగ్గర చేయగలమో అంతవరకు చేసేసి, మిగతా జంటల్ని దాన్ని చూసి వదులు చేయాలి.

చేద్దాం. కర్సర్ L, T మధ్య పెట్టాను. కెర్నింగ్ బాక్సులో బ్రాకెట్లలో మైనస్ 70 అని ఉంది చూడండి, బ్రాకెట్లు ఉంటే అది ఫాంట్ ఇచ్చింది. Alt, ఎడమ బాణం, రెండేసి నొక్కులు. మైనస్ 80. 90. 100. 110. ఇక్కడ ఆగుదాం. ఇంకో నాలుగు నొక్కితే, ఇదిగో, మైనస్ 130. T ఎడమ చెయ్యి L పాదం మీదకి వచ్చేసింది, రెండూ కలిసి కొత్త అక్షరంలా ఉన్నాయి. ఇది వద్దు. వెనక్కి, మైనస్ 110.

ఎంత ఉంటే సరిపోయిందని ఎలా తెలుస్తుంది? స్కేలు పెట్టి కొలవకండి. అంచుకీ అంచుకీ దూరం సమానం చేస్తే కంటికి సమానంగా ఉండదు. నేను బియ్యం లెక్క వేసుకుంటాను. ప్రతి సందులోనూ పై గీత నుంచి కింది గీత దాకా బియ్యం పోస్తున్నారనుకోండి. ఒక సందులో గిద్దెడు, పక్క సందులో సోలెడు పడితే అది తేడా. ఒక్క జాగ్రత్త: L లోపలి మూల, నిలువు గీతని ఆనుకుని ఉన్న ఖాళీ, అది చాలావరకు L సొంతం. దాన్నంతా సందులో కలిపేసుకుంటే ఎప్పటికీ లెక్క తేలదు.

ఇప్పుడు మిగతావి. W, A కి ఫాంట్ మైనస్ 60 ఇచ్చింది, అది ఎక్కువ. వదులు చేసి మైనస్ 40. T, A కి మైనస్ 80 ఉంది, 70 చేశాను. A, L మధ్య, A, I మధ్య ఏం చేయలేం. పైన త్రికోణం ఖాళీ ఉన్నా కింద A కాలు నిలువు గీతకి దగ్గరగా వచ్చేసింది. తోస్తే అంటుకుంటుంది. సున్నా.

చివర I, R. రెండు నిలువు గీతలు ఎదురెదురుగా. అన్నింట్లోకి ఇరుకైనది ఇదే, కానీ ఎవరూ దీన్ని ముట్టుకోరు, ఎందుకంటే ఇది తప్పులా కనిపించదు. పక్కన L, T కి అంత చోటు ఉన్నప్పుడు ఇది ముద్దలా ఉంటుంది. Alt, కుడి బాణం. 5, 10, 15, 20, 25. చూశారా? ఇక్కడ వదులు చేయగానే అక్కడ L, T గ్యాప్ చిన్నదైనట్టు అనిపించింది. దాన్ని మనం ముట్టుకోలేదు.

ఈ అంకెలు రాసుకోకండి, ప్లీజ్. ఫాంట్ మారితే, ఆ ఫాంట్‌లో బోల్డ్ నుంచి లైట్‌కి మారినా సరే, అన్నీ మారతాయి. సైజు మార్చినందుకు మాత్రం భయం లేదు, వెయ్యో వంతులు కాబట్టి వాటంతటవే పెరుగుతాయి.

పరీక్ష. ముందు Esc కొట్టి టెక్స్ట్‌లోంచి బయటికి రండి, లేకపోతే R అక్షరం పడుతుంది. ఇప్పుడు R నొక్కి Enter, 180, ఓకే. మాట తలకిందులైంది. ఇప్పుడు చదవలేరు కాబట్టి సందులే కనిపిస్తాయి. నాకైతే A, W మధ్య ఇంకాస్త బిగువుగా ఉంది. తిప్పేసి మైనస్ 35. తర్వాత జూమ్ తగ్గించి, బొటనవేలి గోరంత చేసి, కుర్చీ వెనక్కి జరిపి చూడండి. రోడ్డు అవతల నుంచి చూసినట్టు. ఎక్కడైనా నల్లటి ముద్ద గానీ తెల్లటి చిల్లు గానీ ఉంటే అక్కడే దొరికిపోతుంది.

సెంటర్ చేసేవాళ్ళు ఒక్కటి చూసుకోండి. ట్రాకింగ్ చివరి R తర్వాత కూడా ఖాళీ పెడుతుంది, అందుకే మాట కొంచెం ఎడమకి జరిగినట్టుంటుంది. ఆ R ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి ట్రాకింగ్ సున్నా.

బోర్డు షాపుకి పంపే ముందు ఈ లేయర్‌ని ఒక కాపీ తీసి పక్కన దాచుకోండి, అది టెక్స్ట్‌గానే ఉండాలి. రెండో కాపీకి Ctrl + Shift + O. అవుట్‌లైన్ అయిపోయింది, అంటే అక్షరాలు ఇక టెక్స్ట్ కాదు, గీసిన ఆకారాలు. వాళ్ళ కంప్యూటర్లో మీ ఫాంట్ లేకపోయినా L, T మీరు పెట్టిన చోటే ఉంటాయి.