వ్యవసాయం, బ్యబసాయ: పర్లాకిమిడి నుంచి ఒక మాట

హోస్ట్: నమస్కారం. ఇవాళ మాతో ఉన్నది ఒడిశాలోని గజపతి జిల్లాలో తెలుగు పిల్లలకి చాలా ఏళ్లుగా ఒడియా నేర్పుతున్న మాస్టారు. మాస్టారూ, ముందు మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మా నాన్నకి రెండెకరాల వరి. రైతులకిచ్చే సాయం కోసం ఒక ఆఫీసుకి వెళ్లాడు. అక్కడాయన ఫారం నింపుతూ "బ్యబసాయ కరుఛంతి కి?" అన్నాడట. నాన్న "హఁ" అన్నాడు. కొన్నాళ్లకి, మీరు రైతు కాదని కాగితం తిరిగొచ్చేసింది. పక్కింటి పాప చదివితే తెలిసింది, "బృత్తి" అన్న చోట "బ్యబసాయ" అని రాసుంది.

మాస్టారు: మీ నాన్నగారు వ్యవసాయం చేస్తున్నారా అని విన్నారు. ఆ ఆఫీసాయన అడిగింది వ్యాపారం చేస్తున్నారా అని. ఒడియాలో బ్యబసాయ అంటే వ్యాపారమమ్మా.

హోస్ట్: నాన్నకి ఒడియా రాదని కాదు మాస్టారూ. ముప్పై ఏళ్లుగా సంతలో మాట్లాడుతున్నాడు.

మాస్టారు: వచ్చు కాబట్టే పొరబడ్డారు. మనవాళ్లందరి బుర్రలో ఒక సూత్రం ఉంటుంది. తెలుగు మాట చివర సున్న తీసెయ్, "వ" ఉంటే "బ" చెయ్, ఒడియా అయిపోతుంది. పుస్తకం పుస్తక, నగరం నగర, వివాహం బిబాహ. వందల మాటలకి ఇది పనిచేస్తుంది. అన్నిసార్లు పనిచేసిన సూత్రాన్ని ఎవరు అనుమానిస్తారు చెప్పు? పూర్తిగా తెలీని మాటైతే "ఏటండీ అది?" అని అడిగేస్తాం. తెలిసినట్టున్న మాటని అడగం.

హోస్ట్: ఒకే సంస్కృత మాట రెండు చోట్ల ఇంత దూరం ఎలా వెళ్లిపోయింది?

మాస్టారు: సంస్కృతంలో వ్యవసాయం అంటే పట్టుదల, నిశ్చయం, ప్రయత్నం. గీత రెండో అధ్యాయం 41వ శ్లోకంలో "వ్యవసాయాత్మికా బుద్ధిః" అని ఉంది. అక్కడ పొలం లేదు, స్థిరమైన నిశ్చయం ఉంది. ఆ ప్రయత్నం అన్న అర్థాన్ని మన తెలుగు నాగలికి కట్టింది, ఒడియా దుకాణానికి కట్టింది. ఇంకోటి విను, ఇది నాకు మరీ ఇష్టం. "కృషి" సంస్కృతంలో దున్నడమే. ఒడియాలో ఇప్పటికీ కృషి అంటే సాగు. మనం మాత్రం "చాలా కృషి చేశాడు" అంటాం, ప్రయత్నం అనే అర్థంలో. అంటే ప్రయత్నం అనే మాటని సాగుకి, సాగు అనే మాటని ప్రయత్నానికి మార్చేసుకున్నాం. కృషి విజ్ఞాన కేంద్రం లాంటి పేర్లలో మాత్రం పాత అర్థం మిగిలింది.

హోస్ట్: అయితే ఇలాంటి మాటలన్నీ ఇంత చేటు చేస్తాయా?

మాస్టారు: చెయ్యవు. ఒడియాలో "రాగ" అంటే కోపం. "మో ఉపరే రాగిఛ కి?", అంటే నా మీద కోపమొచ్చిందా అని ఎవరైనా అడిగితే, పాటకి సంబంధించిన అర్థం ఆ వాక్యంలో ఇమడదు. తికమకపడి అడుగుతావు, తెలిసిపోతుంది. "శిఖ్యా బిభాగ" అన్నా అంతే. అది చదువుల శాఖ, శిక్షలు వేసేది కాదని బోర్డు కింద ఉన్న పిల్లల్ని చూస్తేనే తెలుస్తుంది. రెండు అర్థాలూ ఒకే ప్రశ్నకి సరిపోయినప్పుడే ప్రమాదం. "ఏం చేస్తారు?" అన్నదానికి సాగూ జవాబే, వ్యాపారమూ జవాబే. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంటుంది, మాట అక్కడితో ఆగిపోతుంది.

హోస్ట్: నాన్న "బ్యబసాయ" పక్కన "ధాన" అని చేర్చి ఉంటే? వరి అని తెలిసేది కదా.

మాస్టారు: అదీ కాపాడదమ్మా. "ధాన బ్యబసాయ" అంటే ధాన్యం వ్యాపారం. ఇంకా గట్టిగా వ్యాపారి అయిపోయేవారు. సాగుకి రోజూ వాడే మాట "చాష". రాసేటప్పుడు "ష", పలికేటప్పుడు "చాస" అంటారు. రైతు "చాషీ".

హోస్ట్: మరి పిల్లలకి ఎలా చెప్తారు?

మాస్టారు: మాటకి మాట రాసుకోనివ్వను. విన్న వాక్యం మొత్తం రాయమంటాను. ఒక పిల్ల "అబసర = అవసరం" అని రాసుకుంది. అదే పిల్ల, పక్కింటాయన ఉద్యోగం నుంచి "అబసర నేలే" అన్నారని వాక్యం రాసింది. అవసరం పెట్టి చదివితే కుదరలేదు. పదవీ విరమణ అని తనే పట్టుకుంది. తీరిక అని కూడా ఒక అర్థం ఉంది. వాక్యం లేకపోతే ఆ తప్పు ఏళ్లపాటు నోట్సులో అలాగే కూర్చునేది.

హోస్ట్: నాన్న ఫారం మళ్లీ పెట్టాడు మాస్టారూ. ఈసారి అడిగేలోపే "ముఁ చాసీ, ధాన చాస కరే" అని చెప్పి, పాస్‌బుక్ ముందు పెట్టాడట.

మాస్టారు: వాళ్లేం రాశారో ఆ గడి చూశారా?

హోస్ట్: పాప చదివింది. "చాష" అనే ఉంది.