వయ వందన పీపీటీ నుంచి పెద్దలకు పెద్దక్షరాల కాగితం

నమస్కారమండీ. ఇవాళ ఒక పీపీటీ తీసుకుని, అందులోంచి మన కాలనీ సంఘంలోని పెద్దవాళ్ల కోసం పెద్ద అక్షరాల్లో ఒక్క కాగితం తయారుచేద్దాం. పీపీటీ ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి. 70 ఏళ్లు నిండినవాళ్లకి, ఆదాయంతో పనిలేకుండా ఆస్పత్రి ఖర్చు భరించే ఏర్పాటు ఇది. 2024 అక్టోబరులో మొదలైంది.

స్లైడ్లు ఒకటొకటిగా కుదించకండి. చదివే పెద్దాయన అడిగేవి నాలుగే: నాకు వస్తుందా, ఎంత వస్తుంది, దేనికి రాదు, ఏం పట్టుకెళ్లాలి? వీటికి జవాబివ్వని స్లైడు, ప్రారంభోత్సవం ఫొటో అయినా సరే, తీసేయండి.

ఇప్పుడు ఈ స్లైడు చూడండి. ‘సీనియర్ సిటిజన్లకు కుటుంబ ప్రాతిపదికన ఏటా 5 లక్షల వరకు ఆరోగ్య రక్షణ.’ ఇది చదివి భార్యాభర్తలు చెరో 5 లక్షలు అనుకుంటారు. కుదించేటప్పుడు ‘కుటుంబ ప్రాతిపదికన’ అన్నది ఎగిరిపోతే ఇక ఆ పొరపాటు మన కాగితమే చేసినట్టు. అందుకని ఇలా రాస్తున్నాను: ‘ఇంట్లో 70 నిండిన వాళ్లందరికీ కలిపి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు. ఇద్దరుంటే ఇద్దరికీ కలిపి అంతే.’ వాక్యం పెరిగింది. పెరగనివ్వండి. విశేషణాలు కొట్టేయండి గానీ షరతులు కొట్టేయకండి.

తర్వాతి వాక్యాలు: ‘ఆధార్‌లో ఉన్న వయసే లెక్క. ఆధార్ కార్డు తీసుకెళ్లండి. ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తుంది. ఓపీలో చూపించుకుని మందులు కొనుక్కుంటే రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు అదీ ఇదీ రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. సందేహముంటే 14555కి ఫోన్ చేయండి.’ ఆ నంబరు విడిగా ఒక వరుసలో ఉండాలి.

ఇక అక్షరాలు. పెద్ద ప్రింటుకి 18 పాయింట్లు కనీసం అంటారు. తెలుగులో వత్తులు చిన్నవిగా పడతాయి కాబట్టి నేను 22 పెడతాను. ఫాంటు Noto Sans Telugu. వరుసల మధ్య ఎడం 1.5 ఉంచండి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. పేరా మొత్తం బోల్డ్ చేయకండి. గీతలు లావెక్కి ‘ష్ట’, ‘క్ష్మ’ లాంటి అక్షరాల్లో ఖాళీలు పూడిపోతాయి. బోల్డ్ శీర్షికకే చాలు. ఎడమవైపు అమర్చండి, రెండు అంచులూ సమం చేస్తే మాటల మధ్య ఖాళీలు విడిపోయి చూపు తప్పుతుంది.

ప్రింట్ ఇచ్చేటప్పుడు Actual size ఎంచుకోండి. షీటుకి రెండు పేజీలని ఉంటే మన 22 కాస్తా 15కి దగ్గరవుతుంది. మెరిసే కాగితం వద్దు, ట్యూబ్‌లైటు కింద అక్షరం కనబడదు.

వంద కాపీలు తీసేముందు ఒక్కటి తీసి సంఘంలో ఒక పెద్దావిడకి ఇవ్వండి. రోజూ వాడే కళ్లజోడుతోనే చదవనివ్వండి. ‘అర్థమైందా?’ అని అడగొద్దు, మర్యాదకి అయిందంటారు. ‘అమ్మా, మీకూ బాబాయిగారికీ కలిపి ఎంత వస్తుంది?’ అని అడగండి. పది లక్షలన్నారంటే ఆ వాక్యం మళ్లీ రాయాలి.