ఆత్మకథలో అన్నయ్య: శ్రోతల ఫోన్లు

వ్యాఖ్యాత: లైన్లో ఉన్నవారు మాట్లాడండి.

శ్రోత: నమస్కారమండీ. ఆత్మకథ రాస్తున్నాను. 210 పేజీలైంది. చదివినవాళ్లు సాగదీసినట్టుందంటున్నారు.

రచయిత్రి: అసలు దేని గురించండీ?

శ్రోత: నాన్న పోయాక ఇంటి పంపకాల్లో అన్నయ్యకీ నాకూ మాటల్లేకుండా పోయాయి. అదే.

రచయిత్రి: చిన్నతనానికి ఎన్ని పేజీలు పెట్టారు?

శ్రోత: తొంభై దాకా.

రచయిత్రి: గొడవ జరిగిన రోజుకి?

శ్రోత: ఒక పేజీ... అదీ లేదేమో.

రచయిత్రి: సాగదీసినట్టుండేది అందుకేనండీ. ప్రతి అధ్యాయం పక్కన ఎంత కాలం గడిచింది, ఎన్ని పేజీలు పట్టింది అని రాసుకోండి. మనసుకి కష్టమైన చోట కలం పరుగెడుతుంది, నాదీ అంతే. ఆ ఒక్క సాయంత్రానికి పది పేజీలైనా ఇవ్వండి: ఎవరు ఎక్కడ కూర్చున్నారు, మొదటి మాట ఎవరిది.

శ్రోత: మరి చిన్నతనంలో ఏది తీసెయ్యాలి?

రచయిత్రి: ఒక్కో సంఘటననీ పక్కన పెట్టి, ఆ సాయంత్రాన్ని మళ్లీ చదవండి. బరువు తగ్గిందా, దాన్ని ఉంచాలి. బడిలో బహుమతుల్లాంటివి ఉన్నాయా?

శ్రోత: ఉన్నాయండీ, పన్నెండు పేజీలు.

రచయిత్రి: తీసేయండి. అన్నయ్యతో ముడిపడ్డదేమైనా?

శ్రోత: తన సైకిలు నాకిచ్చేసి, ఏడాదిపాటు కాలేజీకి నడిచి వెళ్లాడు.

రచయిత్రి: అది ఉండాల్సిందే. ఉద్యోగంలో చేరిన ఏళ్లన్నీ ఒక్క పేరాలో దాటేయొచ్చు. ఇంతకీ అన్నయ్య గురించి ఏమని రాశారు?

శ్రోత: ఆస్తి మీద ఆశతో సంతకం పెట్టించుకున్నాడని.

రచయిత్రి: ఆశ మీకు కనబడిందా?

శ్రోత: కాగితాలు ముందు పెట్టాడు. నా మొహం చూడలేదు.

రచయిత్రి: ఆ రెండు వాక్యాలే రాయండి. ఆశో, సిగ్గో పాఠకుడు చూసుకుంటాడు. నాన్నగారి వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

శ్రోత: ...అన్నయ్యేనండీ.

రచయిత్రి: రాశారా?

శ్రోత: లేదు.

రచయిత్రి: అది కూడా ఆ అధ్యాయంలోనే రావాలి. ఎక్కడో ముందు చెప్పి వదిలేస్తే గొడవ దగ్గరికొచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు.

వ్యాఖ్యాత: పేరు మారిస్తే సరిపోతుందా అమ్మా?

రచయిత్రి: బయటివాళ్లకి సరే. బంధువులు ఇట్టే పోల్చుకుంటారు, పేరు మారినా అన్నయ్య అన్నయ్యే కదా. అచ్చుకి ముందు ఆ పేజీలు ఆయనకి పంపండి. అనుమతి కోసమని కాదు, తప్పులుంటే తెలుస్తాయని. ఆయనకి మరోలా గుర్తుంటే, ‘అన్నయ్య ఇలా అంటాడు’ అని అదీ రాయండి.

శ్రోత: వదినకి అప్పట్లో ఒంట్లో బాగుండేది కాదు. అదీ రాశాను.

రచయిత్రి: ఆవిడ జబ్బు లేకపోతే కథ ఆగిపోతుందా?

శ్రోత: ఆగదు.

రచయిత్రి: అయితే తీసేయండి. అది ఆవిడ చెప్పుకోవాల్సిన సంగతి.

శ్రోత: పంపితే అన్నయ్య చదువుతాడో లేదోనండీ. పదకొండేళ్లయింది మాట్లాడుకుని.

రచయిత్రి: సైకిలు పేజీ పైన పెట్టి పంపండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ తీసుకుందాం.