గోడ పొడవు చాలకపోతే: కంచె లెక్కలో అవకలజం సున్నా కాని చోటు

అందరికీ నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క లెక్క చేద్దాం. మన దగ్గర 100 మీటర్ల కంచె ఉంది. దాంతో దీర్ఘచతురస్రాకారంలో పొలాన్ని చుట్టాలి, వైశాల్యం వీలైనంత ఎక్కువ రావాలి. నాలుగు వైపులా మనమే కంచె వేయాలంటే జవాబు చతురస్రం. భుజం 25 మీటర్లు, వైశాల్యం 625 చదరపు మీటర్లు. ఇది మీకు తెలిసిందే కాబట్టి దాని దగ్గర ఆగను. ఒక వైపు ముందే గోడ ఉంటే ఏమవుతుందో చూద్దాం. నాకు బాగా ఇష్టమైన భాగం అదే.

ముందు ఆ గోడ చాలా పొడవైనదనుకుందాం. గోడకు లంబంగా ఉండే రెండు భుజాలు ఒక్కొక్కటి x, గోడకు ఎదురుగా ఉండే భుజం y. కంచె మొత్తం 2x + y = 100. వైశాల్యం A = x(100 − 2x) = 100x − 2x². అవకలజం 100 − 4x. దాన్ని సున్నా చేస్తే x = 25, y = 50, వైశాల్యం 1250. ద్వితీయ అవకలజం −4, అంటే రుణాత్మకం, కాబట్టి ఇది గరిష్ఠమే. చతురస్రం అలవాటైపోయి మూడు భుజాలకూ కంచెను సమానంగా పంచేవాళ్లు చాలామంది ఉంటారు. అలా పంచితే వచ్చేది సుమారు 1111 మాత్రమే.

సున్నా ఎందుకు వచ్చిందో బొమ్మలోనే కనిపిస్తుంది. x ని కొంచెం, h అంత, పెంచామనుకోండి. పొలానికి h వెడల్పున y పొడవున్న పట్టీ ఒకటి కలుస్తుంది. కానీ రెండు భుజాలూ పెరిగాయి కాబట్టి y లో 2h తగ్గాలి. అంటే 2h వెడల్పున x పొడవున్న పట్టీ పోతుంది. వచ్చేదీ పోయేదీ సమానమయ్యే చోటు y = 2x. అవకలజం సున్నా అనే మాటకు ఇక్కడ అర్థం అంతే.

ఇప్పుడు గోడ పొడవు 40 మీటర్లే అనుకుందాం. పాత జవాబే రాసేస్తే y = 50 అవుతుంది. గోడ అయిపోయాక 10 మీటర్ల మేర పొలం తెరిచే ఉండిపోతుంది. దాన్ని మూయడానికి మన దగ్గర కంచె మిగల్లేదు. లెక్కలో తప్పు లేదు, కానీ మనం వాడిన సూత్రం y 40 దాటాక చెల్లదు. కాగితం మీద ఈ తప్పును పట్టుకోవడం తేలికే. జవాబును బొమ్మ మీద పెట్టి, ప్రతి వైపునా కంచె ఎంత పట్టిందో కూడి చూడాలి. ఇక్కడ 110 వస్తుంది.

కాబట్టి రెండు సూత్రాలు కావాలి. ఈసారి y నే చలరాశిగా తీసుకుందాం. y 40 లోపు ఉంటే A = y(100 − y)/2, అవకలజం 50 − y. y 40 దాటితే గోడకు అవతల మిగిలిన y − 40 మీటర్లకూ కంచె వేయాలి. అప్పుడు 2x + y + (y − 40) = 100, అంటే x = 70 − y. వైశాల్యం 70y − y², అవకలజం 70 − 2y.

సరిగ్గా 40 దగ్గర నిలబడి రెండు వైపులా చూడండి. ఎడమ వైపు నుంచి వస్తే వాలు +10. కుడి వైపుకి అడుగు వేస్తే వాలు −10. ఎక్కడా సున్నా లేదు! వాలు ఒక్కసారిగా మారిపోయింది, గ్రాఫ్ అక్కడ ఇంటి కప్పులా మొనదేలింది. గరిష్ఠం ఆ మొన మీదే ఉంది: y = 40, x = 30, వైశాల్యం 1200. నమ్మకం కుదరకపోతే పక్క విలువలు వేసి చూడండి. y = 39 అయితే 1189.5, y = 41 అయితే 1189.

వాలు అలా ఎందుకు తిరగబడింది? గోడ ఉన్నంతవరకు y ఒక మీటరు పెరిగితే ఒక మీటరు కంచే ఖర్చు. దానికోసం x అర మీటరు తగ్గుతుంది. వచ్చేది 30, పోయేది 40 లో సగం, అంటే 20. గోడ అయిపోయాక అదే ఒక మీటరుకు ఎదురు భుజంలోనూ గోడ వైపూ కలిపి రెండు మీటర్ల కంచె పడుతుంది, x ఒక మీటరు తగ్గుతుంది. వచ్చేది అదే 30, పోయేది 40.

మరి గోడ ఇంకా చిన్నదై, 20 మీటర్లే ఉంటే? అప్పుడు గోడ చివర x = 40. గోడ దాటి ఒక మీటరు వెళ్తే వచ్చేది 40, పోయేది 20. కాబట్టి ఆగకూడదు, గోడ దాటి వెళ్లాలి. x = 60 − y, వైశాల్యం 60y − y², అవకలజం 60 − 2y. y = 30 దగ్గర అది సున్నా. x కూడా 30, అంటే మళ్లీ చతురస్రం, వైశాల్యం 900. 100 మీటర్ల కంచెకు ఈ హద్దులు ఇవీ: గోడ 50 మీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే మొదటి జవాబు, 33⅓ కన్నా తక్కువైతే చతురస్రం. ఈ రెంటికీ మధ్య ఏ పొడవున్నా, గోడ ఎక్కడ ఆగితే y కూడా అక్కడే ఆగుతుంది.